సందులో పాత పెంకుటిల్లు: విజయనగరం కోట చుట్టుపక్కల కొనేముందు, అద్దెకి దిగేముందు ఏం చూసుకోవాలి

విజయనగరంలో కోట, మూడు లాంతర్లు, గంటస్తంభం, ఉల్లివీధి చుట్టుపక్కల సందుల్లో ఇల్లు చూస్తున్నారంటే కారణం అడగక్కర్లేదు. బజారు నడిచి వెళ్లేంత దూరం, బడి దగ్గర, పైడితల్లమ్మ గుడి దగ్గర. అద్దె కొత్త కాలనీల కన్నా తక్కువ. కొనాలన్నా మెయిన్ రోడ్డు మీద గజం ధరతో పోలిస్తే సందులో ధర తేలిగ్గానే కనిపిస్తుంది. ఆ తేలిక ఊరికే రాలేదు. పక్కింటితో కలిసిన గోడ, సందు వెడల్పు, బండి పెట్టే చోటు, ఈ మూడింటి బరువూ ఆ ధరలోనే ఉంటుంది. ఇల్లు లోపల ఎలా ఉందో తర్వాత చూడొచ్చు. ముందు ఈ మూడూ తేల్చుకోండి.

చెప్పేది అర్థం కావడానికి ఒక నమూనా ఇల్లు అనుకుందాం. వీధి వైపు వెడల్పు 14 అడుగులు, లోపలికి పొడుగు 62 అడుగులు. ముందు అరుగు, తర్వాత వీధి గది, నడి గది, చిన్న మండువా, వంటిల్లు, వెనక పెరడు, నుయ్యి. రెండు పక్కలా పక్కిళ్ల గోడలే. పైన కొంత గూన పెంకు, కొంత బెంగుళూరు పెంకు. పాత వీధుల్లో మీకు చూపించే ఇళ్లు చాలా వరకు ఇలాగే ఉంటాయి.

టేపు ముందు సందుకి పట్టండి

ఇంటి ముందు సందు ఎంత వెడల్పుందో బ్రోకరు చెబుతాడు. అది మీకు పనికొచ్చే కొలత కాదు. మెయిన్ రోడ్డు నుంచి ఆ ఇంటి దాకా నడుస్తూ, ఎక్కడ అన్నిటికంటే ఇరుగ్గా ఉందో అక్కడ కొలవండి. సాధారణంగా అది కరెంటు స్తంభం దగ్గరో, ఎవరో కాలవ మీదకి కట్టుకున్న మెట్ల దగ్గరో, సందు మలుపులోనో ఉంటుంది. ఇంటి ముందు 8 అడుగులుండి, సందు మొదట్లో స్తంభం దగ్గర ఆరున్నరే ఉంటే మీ సందు ఆరున్నర అడుగులదే. చిన్న కారు ఒంటి వెడల్పు 5 అడుగులకి కాస్త అటూఇటూ, అద్దాలతో కలిపితే 6 దగ్గరికొస్తుంది. అంటే పగలు, ఎదురుగా ఎవరూ రాకపోతే, కారు దూరుతుంది. దూరినంత మాత్రాన తలుపు తీసి దిగగలరని కాదు, వెనక్కి తిప్పుకోగలరని అంతకన్నా కాదు.

కారు లేనివాళ్లకి కూడా ఈ కొలత కావాలి. ఇసక ట్రాక్టరు ఆ స్తంభం దాటదు. సందు మొదట్లో ఇసక గుమ్మరించి తట్టలతో మోయించాలి, లేదా చిన్న ట్రక్కు ఆటోలో నాలుగైదు సార్లుగా తెప్పించాలి. పడగొట్టిన మట్టి, పెంకు ముక్కలు బయటకి పోవాలన్నా అదే దారి. మేస్త్రి దగ్గర అంచనా రాయించేటప్పుడు మోత కూలి విడిగా రాయమనండి. మొత్తంలో కలిపి చెబితే సగం పనిలో అదే తగాదా అవుతుంది. ఇంకొకటి, మరుగుదొడ్డి ట్యాంకు పెరట్లో ఉండి వెనక సందు మూసుకుపోయి ఉంటే, ట్యాంకు తోడే బండి పైపు మీ వీధి గది, నడి గది మీదుగా పెరట్లోకి వెళ్లాలి. బండి ఎక్కడ ఆగుతుంది, పైపు ఎంత పొడుగు కావాలి అన్నది ఆ ఇంట్లో ఇప్పుడున్నవాళ్లని అడగండి. వెనక సందు కాయితం మీద ఉండి, నేల మీద ఎవరి వంటిల్లో అయిపోయి ఉండటం ఈ వీధుల్లో కొత్త కాదు.

అరుగు ఎవరిది?

నమూనా ఇంటికి రండి. అమ్మేవాళ్లు పొడుగు 65 అడుగులని చెబుతారు, దస్తావేజులో 62 ఉంటుంది. ఆ మూడు అడుగులే అరుగు. తాతల నాడు వేసింది, తరతరాలుగా వాళ్లే అలుకుతున్నారు, ముగ్గు పెడుతున్నారు, కూర్చుంటున్నారు. వాళ్ల మనసులో అది వాళ్ల సొత్తే. మున్సిపాలిటీ లెక్కలో అది వీధి కావచ్చు. దస్తావేజులో హద్దులు చదివి, టౌన్ సర్వే నంబరు మీద కొలతలు చూసి, అరుగు లోపలో బయటో తేల్చుకోండి.

ఎందుకంటే కొత్తగా కట్టుకోవాలని ప్లానుకి పెడితే సందు నడి గీత నుంచి కొలుస్తారు. సందు ఉండాల్సిన వెడల్పు కన్నా తక్కువగా ఉంటే, మీ వైపు సగం మీరు వదలాలి. ఎంత వెడల్పు అడుగుతారన్నది అప్పటి నిబంధనల్ని బట్టి, మాస్టర్ ప్లానులో ఆ వీధి విస్తరణ ఉందా అన్నదాన్ని బట్టి మారుతుంది. వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని కలిసి, తర్వాత కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ విభాగంలో రాతపూర్వకంగా అడగండి. లెక్క కోసం 20 అడుగులు అడిగారనుకుందాం.

రెండు వైపులా అరుగుల మధ్య ఖాళీ 8 అడుగులు. నడి గీత నుంచి మీ అరుగు అంచుకి 4 అడుగులు. 20 అడుగుల సందుకి మీ వైపు 10 వదలాలి కాబట్టి అరుగు అంచు నుంచి 6 అడుగులు లోపలికి రావాలి. అందులో 3 అడుగులు అరుగు, మిగతా 3 అడుగులు మీ వీధి గది. అరుగు మీదైనా, మున్సిపాలిటీదైనా కొత్త గోడ లేచేది అదే గీత మీద. తేడా అంతా మీరిచ్చే డబ్బులో ఉంది.

గజం 20 వేలు అనుకోండి. అమ్మేవాళ్ల కొలత 14 × 65, అంటే 910 చదరపు అడుగులు, సుమారు 101 గజాలు, ధర 20 లక్షల 22 వేలు. దస్తావేజు కొలత 14 × 62, అంటే 868 అడుగులు, 96 గజాలు దాటి కాస్త, ధర 19 లక్షల 29 వేలు. రేపు కట్టుకోవడానికి మిగిలేది 14 × 59, అంటే 826 అడుగులు, 92 గజాలకి కాస్త తక్కువ, దాని విలువ 18 లక్షల 36 వేలు. మొదటి అంకెకీ చివరి అంకెకీ మధ్య 1 లక్షా 86 వేలు. ఇంటిని అలాగే ఉంచుకుని బతకాలనుకుంటే రెండో అంకె దగ్గర బేరం ఆపండి. పడగొట్టి కట్టే ఆలోచన ఉంటే మూడో అంకె నుంచి మొదలుపెట్టండి. కట్టేటప్పుడు చుట్టూ వదలాల్సిన ఖాళీలు దీనికి అదనం. 14 అడుగుల వెడల్పులో అవి పోతే ఏం మిగులుతుందో ప్లాను గీసేవాడి చేత ముందే గీయించి చూడండి. నన్నడిగితే, ఇంత సన్నటి స్థలాన్ని పడగొట్టి కట్టడానికి కొనకూడదు. ఉన్న ఇంటిని బాగుచేసుకుని ఉండగలిగితేనే కొనాలి.

ఉమ్మడి గోడ దగ్గర కాసేపు ఆగండి

నడి గదిలో నిలబడి తలెత్తి చూడండి. దూలం చివర గోడలో ఎక్కడ కూర్చుందో చూడండి. తర్వాత పక్కింటివాళ్లని అడిగి వాళ్ల గదిలోకీ వెళ్లి అదే గోడని అటు నుంచి చూడండి. వాళ్ల దూలాలు కూడా ఆ గోడలోనే దిగి ఉంటే అది ఇద్దరి గోడ. కాయితంలో ఒకరి పేరే ఉన్నా సరే, దాన్ని మీ ఇష్టానికి పడగొట్టలేరు, సన్నం చేయలేరు, దాని పక్కన లోతుగా పునాది తవ్వలేరు. పక్కింటి పెద్దాయన సాధారణంగా నాలుగు ముక్కల్లో చెప్పేస్తాడు: "ఆ గోడ మా తాతా, ఆళ్ల తాతా కలిసి కట్టించింది బాబూ. సున్నం కొట్టుకోండి, మేకు కొట్టుకోండి, గునపం మాత్రం ఎట్టకండి." ఈ మాట దస్తావేజులో దొరకదు, కోర్టుకెళ్తే మాత్రం బరువుంటుంది.

చూరు నీళ్లూ ఇలాంటివే. పెంకు వాలు పక్కింటి పెరట్లోకి ఉంటే మీ వాన నీళ్లు అక్కడే పడతాయి. వాళ్లవి మీ మండువాలో పడుతుంటాయి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం ఎవరి అనుమతీ లేకుండా, హక్కుగా, ఆటంకం లేకుండా 20 ఏళ్లు వాడుకున్న వెలుతురు, గాలి, దారి, నీటి పోక లాంటివి హక్కుగా నిలబడతాయి. కాబట్టి పక్కింటి కిటికీ మీ పెరటి వైపు తెరుచుకుని ఉంటే, కొన్నాక దాన్ని కప్పేసేలా గోడ లేపొచ్చని లెక్క వేసుకోకండి.

కొనే ముందు పక్కిళ్ల రెండింటివాళ్లతోనూ ఒక కాయితం రాయించుకోవడం మంచిది. ఏ గోడ ఎవరిది, చూరు నీళ్లు ఎటు, మరమ్మతుకి నిచ్చెన ఎవరి వైపు వేయొచ్చు, అంతే. కొలతలతో చిన్న బొమ్మ గీసి సంతకాలు పెట్టించండి. బేరం తేలక ముందు ఈ పని సులువు. కొన్నాక అడిగితే అనుమానం పడతారు.

గోడ, కప్పు: ఏది బాగుచేయొచ్చు, ఏది కూడదు

పాత గోడలు అడుగున్నర మందం ఉంటాయి. లోపల ఇటుక, మట్టి అడుసు, పైన సున్నం పూత. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా పూత ఉబ్బి, తెల్లగా ఉప్పు పట్టి, వేలితో గీస్తే రాలిపోతుంటే నేల చెమ్మ పైకెక్కుతోందని అర్థం. అది ఒక మోస్తరు వరకు మామూలే. ఆ ఎత్తు వరకే కొత్తగా సిమెంటు పూత ఉండి, దాని పై అంచున గోడ చెమరుస్తుంటే జాగ్రత్త పడాలి. మట్టి గోడ ఊపిరి పీల్చుకోవాలి. సిమెంటు వేస్తే లోపలి చెమ్మ బయటకి పోయే దారి లేక పైకి పాకుతుంది, లోపల అడుసు నానిపోతుంది. రెండేళ్లలో సిమెంటు పూత పలకలు పలకలుగా ఊడి వస్తుంది, దాంతో పాటు ఇటుక ముఖం కూడా. ఇలాంటి గోడకి సిమెంటు పూత గీకించేసి, ఒక ఎండాకాలం ఆరనిచ్చి, సున్నం ఇసక కలిపిన పూతే వేయించాలి. నానబెట్టిన సున్నం ఒక పాలు, ఇసక మూడు పాళ్లు. సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు తక్కువ. పాత గుళ్ల మరమ్మతు చేసినవాళ్లని వాకబు చేయండి.

కప్పు చూడటానికి స్క్రూడ్రైవరు, టార్చి చాలు. పగలు లైట్లన్నీ ఆపి కింద నుంచి చూస్తే వెలుతురు చుక్కలు ఎక్కడున్నాయో అక్కడ పెంకు జారింది. వాసాలు మధ్యలో కాదు, గోడలో దిగే చివర్లు చూడాలి. చెద, కుళ్లు అక్కడే మొదలవుతాయి. స్క్రూడ్రైవరు మొన గట్టిగా గుచ్చండి. అర అంగుళం మించి మెత్తగా దిగితే ఆ వాసం పోయినట్టే. తాటి వాసాలైతే తట్టి వినండి, డొల్ల చప్పుడు తెలిసిపోతుంది. ఒకటో రెండో వాసాలు మార్చడం చిన్న పని. దూలం చివరే పోతే గోడ విప్పాలి, అది ఉమ్మడి గోడ అయితే పక్కింటి కప్పుకీ పోట్లు పెట్టాలి. ఖర్చు అక్కడ రెట్టింపవుతుంది.

గోడలో బీట కనిపిస్తే భయపడకండి, తేలిగ్గానూ తీసుకోకండి. బీటకి అడ్డంగా పెన్సిలుతో గీత గీసి తారీకు రాయండి. అద్దెకుంటున్నవాళ్లు ఉంటే వాళ్ల చేత ఒక వానాకాలం గమనింపజేయండి. గీత రెండు ముక్కలూ పక్కకి జరిగితే గోడ కదులుతోంది. జరగకపోతే ఎప్పటిదో పాత బీట.

ఇక చాలామంది చేసే పని: పెంకు తీసేసి స్లాబు వేయడం. మట్టి అడుసు గోడల మీద ఇది వద్దు. లెక్క చూడండి. 10 అడుగులు × 12 అడుగుల గది సుమారు 11 చదరపు మీటర్లు. 5 అంగుళాల స్లాబు చదరపు మీటరుకి 300 కిలోల పైమాటే, అంటే ఆ ఒక్క గది మీద మూడున్నర టన్నులు. అదే గదికి బెంగుళూరు పెంకు, బద్దీలు, వాసాలు అన్నీ కలిపినా ముప్పావు టన్నుకి అటూఇటూ. వందేళ్లుగా ముప్పావు టన్ను మోస్తున్న మట్టి గోడ మీద ఒక్కసారిగా అంతకు నాలుగైదు రెట్లు పెడుతున్నారు, అందులో సగం పక్కింటివాడి గోడ మీద. స్లాబు కావాలంటే గోడలకి సంబంధం లేకుండా లోపల పిల్లర్లు వేసి కట్టాలి. దానికి ప్లాను అనుమతి కావాలి, అప్పుడు పైన చెప్పిన నడి గీత లెక్క మొదలవుతుంది.

అనుమతి విషయంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. పూత, సున్నం, నేల గచ్చు, అదే ఎత్తులో అదే ఆకారంలో పెంకు మార్చడం లాంటివి మరమ్మతు. గోడ జరపడం, ఎత్తు పెంచడం, పై అంతస్తు, వీధి వైపు ముఖం మార్చడం నిర్మాణం. రెండోదానికి కాయితం లేకుండా దిగితే ఎవరో ఒకరు ఫిర్యాదు పెడతారు, సగం కట్టాక పని ఆగిపోతుంది. పని మొదలెట్టే ముందు నాలుగు వైపులా తారీకు పడేలా ఫోటోలు తీసి ఉంచండి. పాత గోడే బాగుచేశామని చూపించడానికి అవే ఆధారం.

ఇదే పద్ధతిలో శ్రీకాకుళం జిల్లా ముఖలింగంలో గుడి పక్క సందుల్లో ఇల్లు చూస్తుంటే ఇంకో అడ్డంకి ఉంది. అక్కడి గుళ్లు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం, ఉన్న ఇంటికి మరమ్మతు చేయాలన్నా ముందు అనుమతి తీసుకోవాలి. ఆ తర్వాతి 200 మీటర్లలో కట్టుకోవడానికి కూడా అనుమతి కావాలి. అక్కడ కొనేవాళ్లు గజం ధర కన్నా ముందు గుడి నుంచి దూరం కొలవాలి.

కాయితాలు

ఈసీ తీయించండి, కానీ దాన్నే నమ్ముకోకండి. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. ఈ ఇళ్లలో పంపకాలు చాలావరకు నోటి మాట మీద, పెద్దమనుషుల ముందు తెల్ల కాయితం మీద జరిగినవి. తాత పేరున ఇంటి పన్ను, మనవడి చేతిలో తాళం చెవి, విశాఖలో ఒక అత్త, హైదరాబాదులో ఇద్దరు చెల్లెళ్లు. అందరి సంతకాలూ కావాలి, ఆడపిల్లలవి ముఖ్యంగా. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం అడిగి పేర్లు సరిచూసుకోండి.

రెండోది, స్థలం దేవస్థానానిదో, ట్రస్టుదో కాదని తేల్చుకోండి. పైన ఇల్లు వాళ్లదే, కింద నేల కాదు అనే ఇళ్లు పాత ఊళ్లలో ఉంటాయి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 22ఎ నిషేధిత ఆస్తుల జాబితాలో సర్వే నంబరు వెతకండి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనూ అడగండి. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, మొత్తం 7.5 శాతం చేతిలో ఉంచుకోండి. నమూనా ఇంటికి 19 లక్షల 29 వేల మీద అది లక్షా 45 వేల దాకా వస్తుంది. ప్రభుత్వ మార్కెట్ విలువ అంతకన్నా ఎక్కువుంటే దాని మీద లెక్క. ఇక బ్యాంకు అప్పు మీద ఆశ పెట్టుకుని అడ్వాన్సు ఇవ్వకండి. మట్టి గోడల ఇంటికి వాల్యుయర్ నేల విలువ మాత్రమే వేసి, కట్టడానికి దాదాపు ఏమీ వేయకపోవచ్చు. ముందు బ్యాంకు మాట, తర్వాత అడ్వాన్సు.

అద్దెకైతే

కొనాలన్న ఆలోచన ఉన్నా ముందు అద్దెకి దిగడం నా సలహా, అదీ వానలకి ముందు. మన దగ్గర అసలు పరీక్ష జూన్ వాన కాదు, అక్టోబరు తుపాను. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న వచ్చాయి. ఆ గాలికి పెంకు నిలిచిందా, ఆ నీరు సందులో ఎంత ఎత్తు లేచింది అన్నది ఇంటి గుమ్మం పక్క గోడ మీద మరకే చెబుతుంది. చుట్టుపక్కలవాళ్లని అడిగినా చెబుతారు.

ఒప్పందం మామూలుగా 11 నెలలకి రాస్తారు. అందులో అద్దె, అడ్వాన్సు అందరూ రాస్తారు, పెంకు సంగతి ఎవరూ రాయరు. ఏటా మే నెలాఖరుకి పెంకు సర్దించడం ఇంటివాళ్ల ఖర్చు అని, మధ్యలో కోతులు పగలగొట్టినవి ఎవరు మార్చాలి అని, వాసం విరిగితే ఎన్ని రోజుల్లో బాగుచేయించాలి అని రాయించండి. పైకెక్కే మనిషి అలవాటున్నవాడై ఉండాలి. తెలియనివాడు ఎక్కితే నాలుగు పెంకులు మార్చి పది తొక్కి పగలగొడతాడు.

బండి ఎక్కడ పెడతారు?

స్కూటరైతే ఇంట్లోకే ఎక్కించుకోవాలి. అరుగు ఎత్తు అడుగున్నర ఉంటే, కింద నుంచి పైకి కనీసం 6 అడుగుల పొడుగు వాలు పలక కావాలి, లేకపోతే బండి అడుగు అరుగు అంచుకి తగులుతుంది. 8 అడుగుల సందులో 6 అడుగుల పలక శాశ్వతంగా వేస్తే దారి మూసేసినట్టే. అందుకని ఇనుప చట్రానికి గళ్ల రేకు బిగించిన పలక చేయించి, వాడాక మడిచి లోపల పెట్టుకోండి. సిమెంటుతో కట్టేస్తే కాలవ మూసుకుంటుంది, మున్సిపాలిటీ వాళ్లు కాలవ తీసే రోజు మొదట దాన్నే పగలగొడతారు. వీధి గుమ్మం వెడల్పు కూడా చూసుకోండి. పాత గుమ్మాలు కొన్ని రెండున్నర అడుగులే, హ్యాండిల్ అద్దాలు తగులుతాయి.

కారుంటే సందు మొదట్లో ఖాళీ స్థలమో, మూసేసిన కొట్టు ముంగిలో నెలవారీ అద్దెకి మాట్లాడుకోండి. ఇల్లు ఖాయం చేసుకునే ముందే మాట్లాడుకోవాలి, ఆ అద్దె ఇంటి అద్దెలో కలిపి లెక్కేసుకోవాలి. నెలకి ఇంతని రాసి సంతకం తీసుకోండి, రాత్రి ఎన్ని గంటల దాకా గేటు తీస్తారో అందులో ఉండాలి. ఇంటి ముందు జాగా ఇంటివాళ్లదే అని ఎవరు చెప్పినా నమ్మకండి. పగలు అక్కడ మూడు స్కూటర్లు, ఒక కూరల బండి ఉంటాయి, వాళ్లు మీకన్నా ముందు నుంచి ఉన్నవాళ్లు.

దసరా తర్వాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవం. ముందురోజు సోమవారం తొలేళ్లు. ఆ రెండు రోజులూ గుడి నుంచి కోట దాకా జనమే, చుట్టుపక్కల దారులన్నీ మళ్లిస్తారు, సందు లోపల ఉన్న బండి బయటకి రాదు. కారు ఆదివారం రాత్రికే ఊరి అంచున తెలిసినవాళ్ల ఇంటి దగ్గర పెట్టేయండి. ఇంట్లో నెలలు నిండినవాళ్లో, మంచాన ఉన్న పెద్దవాళ్లో ఉంటే వాళ్లనీ ఆ రెండు రోజులు అక్కడే ఉంచండి. మందులు, గ్యాసు, పాలు సోమవారం పొద్దున్నకల్లా తెచ్చి పెట్టుకోండి.